పక్కింటి వైఫై గోల తగ్గాలంటే ఏ ఛానల్, ఎంత వెడల్పు?

రాత్రి ఎనిమిదిన్నరకు మా ఫ్లాట్‌లో వీడియో కాల్ చేస్తే అవతలి మనిషి మొహం గళ్లుగళ్లుగా విడిపోయేది. అదే కాల్ తెల్లవారి ఆరింటికి చేస్తే అద్దంలా కనిపించేది. ఫైబర్ కంపెనీ అబ్బాయి వచ్చి, ల్యాప్‌టాప్‌ను రూటర్‌కు వైరుతో కలిపి చూసి, "లైన్ బాగానే ఉందన్నా, నూట యాభై ఫుల్లుగా వస్తోంది" అని చెప్పి వెళ్లిపోయాడు. అతను చెప్పింది నిజమే. తేడా అంతా రూటర్‌కీ ఫోన్‌కీ మధ్య గాలిలో ఉంది. ఆ గాలిని మా అంతస్తులోనూ పైనా కిందా ఉన్న రూటర్లన్నీ పంచుకుంటున్నాయి. రాత్రి ఎనిమిదిన్నరకు అందరూ ఇళ్లలోనే ఉంటారు కదా.

ఇలాంటప్పుడు రూటర్ సెట్టింగ్స్‌లో మన చేతిలో ఉండేవి రెండే: ఛానల్ నంబరు, ఛానల్ వెడల్పు. ఇవి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు వేరుగా, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు వేరుగా ఉంటాయి. రెండు బ్యాండ్ల స్వభావం వేరు కాబట్టి ఒకదానికి పనికొచ్చే సలహా రెండోదానికి పనికిరాదు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, పక్కవాళ్ల సిగ్నల్ మీ ఇంట్లో ఎంత గట్టిగా వినిపిస్తోందో. దీన్ని డీబీఎంలో కొలుస్తారు, అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి. −45 అంటే చెవి పక్కనే అరుస్తున్నట్టు, −85 అంటే వీధి చివర గుసగుస. ఎన్ని నెట్‌వర్క్‌లు కనిపిస్తున్నాయన్న లెక్క కంటే ఈ అంకే ఎక్కువ పనికొస్తుంది.

రెండోది, మీ ప్లాన్ స్పీడు. నెలకు 100 ఎంబీపీఎస్‌కు డబ్బు కట్టే ఇంట్లో రూటర్‌కూ ఫోన్‌కూ మధ్య 800 ఎంబీపీఎస్ లింకు ఉన్నా, బయటి నుంచి వచ్చేది 100 మాత్రమే.

మూడోది, మీరు ఎక్కువగా ఎక్కడ కూర్చుంటారో. రూటర్ ఉన్న హాల్లోనా, రెండు గోడల అవతలి పడకగదిలోనా? నాలుగోది, ఇంట్లో ఉన్న పాత పరికరాలు. స్మార్ట్ ప్లగ్గులు, చవక కెమెరాలు చాలామటుకు 2.4 మాత్రమే ఎరుగుతాయి.

## ఒకే ఛానల్‌లో ఉండటం వేరు, సగం మీద పడటం వేరు

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 2.4లో ఛానళ్ల మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. కానీ ఒక్కో వైఫై సిగ్నల్ 20 మెగాహెర్ట్జ్ మేర పరుచుకుంటుంది. అంటే నంబరు మారినంత మాత్రాన చోటు మారినట్టు కాదు. ఛానల్ 3లో పెట్టిన రూటర్ 1 మీదా 6 మీదా కూడా కొంత కొంత పడుతుంది.

వీధి కుళాయి దగ్గర బిందెల వరుసను తలచుకోండి. ఒకే ఛానల్‌లో ఉన్న రూటర్లు ఆ వరుసలో నిలబడినవాళ్లు. ఒకరి మాట ఇంకొకరికి అర్థమవుతుంది కాబట్టి వంతు కోసం ఆగుతారు. ఆలస్యమవుతుంది గానీ నీళ్లు ఒలకవు. సగం మీద పడే ఛానల్‌లో ఉన్నవాడు వరుసలో లేడు, పక్క నుంచి బిందె దూర్చేవాడు. వాడి సిగ్నల్ మీ రూటర్‌కు మాటగా వినపడదు, రొదగా వినపడుతుంది.

అంకెల్లో చెప్పాలంటే, అర్థమయ్యే వైఫై సిగ్నల్ −82 డీబీఎం అంత సన్నగా ఉన్నా రూటర్ ఆగుతుంది. అర్థంకాని రొద అయితే −62 దాకా గట్టిగా ఉంటే తప్ప ఆగదు. ఈ 20 డీబీల తేడా అంటే పవర్‌లో వంద రెట్లు. అందుకే −70లో ఉన్న పక్కింటి రూటర్ సగం మీద పడే ఛానల్‌లో ఉంటే, అదీ మాట్లాడుతుంది, మీదీ మాట్లాడుతుంది, రెండు ప్యాకెట్లూ పాడై మళ్లీ పంపాల్సి వస్తుంది. "6లో నలుగురున్నారు, 4 ఖాళీగా ఉంది" అని 4కు మారినవాళ్లు తమకూ ఇతరులకూ తెచ్చిపెట్టే తలనొప్పి ఇదే.

## ముందు ఒకసారి వినండి

విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే యాప్ ఏదీ అక్కర్లేదు. వైఫై లిస్టు ఒకసారి తెరిచి మూసి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి. కొత్త విండోస్‌లో లొకేషన్ ఆన్ చేయకపోతే ఇది పనిచేయకపోవచ్చు.

```
netsh wlan show networks mode=bssid
```

ప్రతి నెట్‌వర్క్‌కూ `Signal`, `Channel` కనిపిస్తాయి. సిగ్నల్ శాతంలో వస్తుంది. దాన్ని సగం చేసి 100 తీసేస్తే సుమారుగా డీబీఎం వస్తుంది. 60 శాతం అంటే −70 అన్నమాట. విండోస్ 11లో కొన్ని నెట్‌వర్క్‌లకు `Channel Utilization` అని కూడా చూపిస్తుంది. ఆ ఛానల్ గాలి ఎంతసేపు బిజీగా ఉందో దాన్ని బట్టి తెలుస్తుంది. ఐదు రూటర్లున్నా అందరూ నిద్రపోతుంటే ఆ ఛానల్ ఖాళీయే. ఒక్కటే ఉన్నా అది రాత్రంతా డౌన్‌లోడ్ చేస్తుంటే నిండినట్టే.

ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌లు వెడల్పు కూడా బొమ్మగా గీసి చూపిస్తాయి. మ్యాక్‌లో ఆప్షన్ కీ పట్టుకుని వైఫై గుర్తు నొక్కితే డయాగ్నోస్టిక్స్ వస్తుంది. ఏది వాడినా రూటర్ పక్కన నిలబడి కాకుండా మీరు కూర్చునే చోట నిలబడి, ఇబ్బంది వచ్చే గంటలోనే చూడండి. మధ్యాహ్నం మూడింటికి చేసిన స్కాన్ రాత్రి ఎనిమిదిన్నర సంగతి చెప్పదు.

## 2.4 గిగాహెర్ట్జ్: ఎంపిక ఉన్నది మూడింటి మధ్యే

| ఎంపిక | లాభం | నష్టం | ఎవరికి |
|---|---|---|---|
| 1, 6, 11 | ఒకదానిమీద ఒకటి పడవు, అన్ని పరికరాలకూ కనిపిస్తాయి | అపార్ట్‌మెంట్‌లో మూడూ నిండే ఉంటాయి | దాదాపు అందరికీ |
| 1, 5, 9, 13 | మూడు బదులు నాలుగు చోట్లు | చుట్టుపక్కల అందరూ ఇదే పాటించాలి | ఊరికి దూరంగా, రూటర్లన్నీ మీవే అయితే |
| మధ్య నంబర్లు | "ఖాళీ"గా కనిపిస్తాయి | ఇద్దరి మీదా పడతాయి | ఎవరికీ వద్దు |
| ఆటో | తలనొప్పి లేదు | ఎప్పుడు, ఏ పద్ధతిలో ఎంచుకుంటుందో తెలియదు | ఇరుగుపొరుగు తక్కువున్నవాళ్లకు |

మన దేశంలో 13వ ఛానల్ దాకా వాడొచ్చు. అమెరికాలో ఇళ్ల రూటర్ల మెనూ 11తోనే ఆగిపోతుంది. అందుకే అక్కడి నుంచి తెచ్చిన కొన్ని ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు 13లో పెట్టిన నెట్‌వర్క్ కనిపించనే కనిపించదు. పండక్కి వచ్చిన మేనల్లుడు "మామయ్యా, మీ వైఫై ఏదీ?" అని వెతుక్కుంటుంటే కారణం ఇదే కావచ్చు.

ఆటో గురించి ఒక మాట. చాలా రూటర్లు ఆన్ అయినప్పుడు ఒక్కసారి విని ఛానల్ ఎంచుకుని, ఇక అక్కడే కూర్చుంటాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్‌లోని రూటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. ఎవరూ ఇంకా మాట్లాడటం మొదలుపెట్టని గాలిని విని అందరికీ ఖాళీగానే ఉందనిపిస్తుంది. ఆ తర్వాత నలుగురూ ఒకే చోట తేలతారు. ఇన్వర్టర్ మీద నడిచే రూటర్‌కు ఈ బెడద తక్కువ.

వెడల్పు విషయంలో మాత్రం తటపటాయింపు అక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో 2.4కు ఎప్పుడూ `20 MHz` పెట్టండి. మొత్తం బ్యాండే 83.5 మెగాహెర్ట్జ్. అందులో 40 తీసుకుంటే సగం వీధికి అడ్డంగా కారు పెట్టినట్టే. రెండు యాంటెన్నాల వైఫై 4 పరికరానికి కాగితం మీద 144 ఎంబీపీఎస్ కాస్తా 300 అవుతుంది, నిజమే. కానీ రెట్టింపు చోటులో రెట్టింపు మందితో వరుసలో నిలబడాలి. పక్కవాళ్లు వినిపిస్తే 20కి దిగిపోవాలన్న నియమం ఉంది గానీ, కొన్ని రూటర్లలో దాన్ని ఆపేసే మీట కూడా ఉంటుంది. మెనూలో `20/40 MHz` లేదా `Auto` ఉంటే నమ్మకుండా చేత్తో `20 MHz` ఎంచుకోండి.

### మా ఇంటి లెక్క

రాత్రి ఎనిమిదిన్నరకు పడకగదిలో మంచం మీద కూర్చుని చేసిన స్కాన్ ఇది. మా రూటర్ అప్పటికి ఆటోలో, 6వ ఛానల్‌లో, 40 వెడల్పుతో ఉంది. పెట్టి వెళ్లినవాళ్లు అలాగే పెట్టి వెళ్లారు.

| ఛానల్ | ఎన్ని నెట్‌వర్క్‌లు | అన్నిటికన్నా గట్టిది, డీబీఎం |
|---|---|---|
| 1 | 3 | −68 |
| 4 | 1 | −49 |
| 6 | 4 | −57 |
| 9 | 1 | −84 |
| 11 | 5 | −70 |

చూడగానే చెయ్యి 1 మీదికి పోతుంది, అక్కడ ముగ్గురే ఉన్నారు. కానీ 4లో −49తో అరుస్తున్న రూటర్‌ను చూడండి. 4వ ఛానల్ 2417 నుంచి 2437 మెగాహెర్ట్జ్ దాకా పరుచుకుంటుంది. 1 ఆక్రమించేది 2402 నుంచి 2422 దాకా, 6 ఆక్రమించేది 2427 నుంచి 2447 దాకా. అంటే ఆ ఒక్క రూటర్ 1 చివరినీ 6 సగాన్నీ కొరుకుతోంది. 6లో అయితే −57 కూడా ఉంది, అది గోడకు అవతలి ఫ్లాట్.

11లో అందరికన్నా ఎక్కువమంది, ఐదుగురు ఉన్నారు. కానీ ఐదుగురూ −70కి అవతలే, అందరూ సరిగ్గా 11లోనే ఉన్నారు కాబట్టి వరుస పాటిస్తారు. 9లో ఉన్నది −84, అది దాదాపు వినపడనట్టే. విండోస్ చూపించిన `Channel Utilization` కూడా 11లో 51, అంటే 255లో 51, 20 శాతం. 11వ ఛానల్, 20 వెడల్పు పెట్టాను.

మర్నాడు రాత్రి అదే వేళకు, అదే మంచం మీద నుంచి రూటర్‌కు రెండొందల సార్లు పింగ్ కొట్టి, అంటే పలకరించి, జవాబు ఎంతసేపటికి వస్తుందో చూశాను.

```
ping -n 200 192.168.1.1
```

ముందు రోజు సగటు 46 మిల్లీసెకన్లు ఉండి, మధ్యమధ్య 600 దాటేది. ఇప్పుడు సగటు 7, అతి ఎక్కువ 61. మీ రూటర్ అడ్రసు వేరే అయితే అదే కొట్టండి. ఈ పింగ్ ఇంటర్నెట్ దాకా పోదు, మీ ఇంటి గాలిని మాత్రమే కొలుస్తుంది. ఇది బాగుండి వీడియో మాత్రం ఆగుతుంటే అప్పుడు కంపెనీకి ఫోన్ చేయండి.

ఒక మినహాయింపు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ నడిచినప్పుడు మాత్రమే ఇబ్బంది వస్తే అది పక్కింటివాళ్ల పని కాదు. ఓవెన్ పనిచేసేది 2450 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల, 9వ ఛానల్ దగ్గర. 6, 11 రెండూ దెబ్బ తింటాయి, 1 కొంత నయం. అంతకన్నా సులువైంది, ఆ గదిలో వాడే ఫోన్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం.

## 5 గిగాహెర్ట్జ్: ఇక్కడ ఛానల్ కంటే వెడల్పే అసలు ప్రశ్న

5లో ఛానల్ నంబర్లు 36, 40, 44 అని నాలుగేసి పెరుగుతాయి. 20 వెడల్పులో ఏ రెండూ ఒకదానిమీద ఒకటి పడవు కాబట్టి మధ్య నంబర్ల గొడవ లేదు. గోడలు దాటేసరికి పక్కింటి సిగ్నల్ కూడా బాగా సన్నబడుతుంది. అందుకే వీలైన పరికరాలన్నిటినీ ముందు ఇక్కడికి చేర్చండి, 2.4ను ప్లగ్గులకూ కెమెరాలకూ వదిలేయండి.

ఎంత వెడల్పు పెట్టాలన్నదే తేల్చుకోవాల్సింది. రెండు యాంటెన్నాల ఫోన్ లేదా ల్యాప్‌టాప్‌కు లెక్క ఇలా ఉంటుంది. ఇందులో రాడార్ ఛానళ్లంటే రాడార్లతో పంచుకోవాల్సినవి, వాటి సంగతి కింద చెప్తాను.

| వెడల్పు | వైఫై 5 లింకు, ఎంబీపీఎస్ | వైఫై 6 లింకు, ఎంబీపీఎస్ | రాడార్ ఛానళ్లు లేకుండా ఎన్ని చోట్లు | వాటితో కలిపి |
|---|---|---|---|---|
| 20 | 173 | 287 | 9 | 25 |
| 40 | 400 | 574 | 4 | 12 |
| 80 | 867 | 1201 | 2 | 6 |
| 160 | 1733 | 2402 | 0 | 2 |

లింకు స్పీడులో నిజంగా చేతికొచ్చేది గాలి నిమ్మళంగా ఉంటే సగానికి కాస్త పైన. అంటే 40 వెడల్పులో వైఫై 5 ఫోన్‌కు కూడా దగ్గరలో 200 పైన రావాలి. 100, 150 ప్లాన్ ఉన్న ఇంటికి అది చాలు. అయినా రూటర్లు పెట్టెలో నుంచి 80తోనే వస్తాయి, ఎందుకంటే పెట్టె మీద పెద్ద అంకె వేసుకోవాలి కదా.

నాలుగో కాలమ్ చూడండి. రాడార్ ఛానళ్లు లేని రూటర్లతో 80 వెడల్పుకు రెండే చోట్లు: 36 నుంచి 48 దాకా ఒకటి, 149 నుంచి 161 దాకా ఒకటి. పది ఫ్లాట్లలో పది రూటర్లు 80తో ఉంటే ఒక్కో చోట సగటున ఐదుగురు. అందరూ 40కి దిగితే అదే గాలిలో నాలుగు చోట్లు.

వెడల్పుకు ఇంకో ఖరీదు ఉంది, ఇది ఒంటరి ఇంట్లో కూడా తప్పదు. రూటర్ పవర్ మారదు. అదే పవర్‌ను రెట్టింపు వెడల్పు మీద పరిస్తే ఎక్కడికక్కడ సగం పలచబడుతుంది, అవతల వినేవాడికి రొద రెట్టింపవుతుంది. రెట్టింపు చేసిన ప్రతిసారీ 3 డీబీ పోతుంది. హాల్లో ఆ 3 డీబీ లెక్కలోకి రాదు. రెండు గోడల అవతల, లింకు ఊగిసలాడే చోట మాత్రం 80లో తెగిపోయే కాల్ 40లో నిలబడుతుంది.

మరి ఎవరికి ఏది?

ఇండిపెండెంట్ ఇల్లు, చుట్టూ ఖాళీ స్థలం, 300 ఎంబీపీఎస్ లేదా పైన ప్లాన్ ఉంటే 80 హాయిగా పెట్టుకోండి. ఇంట్లోనే ఫొటోలు, సినిమాలు పెట్టుకునే హార్డ్ డిస్క్ బాక్స్ ఉండి, ల్యాప్‌టాప్ నుంచి అక్కడికి పెద్ద ఫైళ్లు కాపీ చేసేవాళ్లకూ 80 పనికొస్తుంది, అక్కడ ప్లాన్ స్పీడుతో సంబంధం లేదు.

అపార్ట్‌మెంట్‌లో 200 లోపు ప్లాన్, ఇంటి నుంచి పని, రోజంతా కాల్స్ ఉంటే 40. ఇది నా గట్టి అభిప్రాయం. స్పీడ్ టెస్టులో అంకె తగ్గి కనిపిస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. కాల్‌కు కావాల్సింది అంకె కాదు, ఆగకుండా రావడం.

హాస్టల్, పీజీ లాంటి చోట, ఒకే అంతస్తులో ఐదారు రూటర్లు మీవే అయితే 20కి దిగండి, ఒక్కోదానికి ఒక్కో ఛానల్ ఇవ్వండి. 160 గురించి చెప్పేదేమీ లేదు. అపార్ట్‌మెంట్‌లో దానికి చోటు లేదు.

### రాడార్ ఛానళ్లు

52 నుంచి 64, 100 నుంచి 144 ఛానళ్లను రాడార్లూ వాడుకుంటాయి. మన దేశంలో 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో ఈ భాగాలు కూడా లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి తెరుచుకున్నాయి. అయినా చాలా ఇళ్ల రూటర్ల మెనూలో ఇవి కనిపించవు. కనిపిస్తే మాత్రం అపార్ట్‌మెంట్‌వాళ్లకు అదృష్టమే, ఎందుకంటే పక్కవాళ్లు అక్కడ ఉండరు.

ఖర్చు ఏమిటంటే, అక్కడ ప్రసారం మొదలుపెట్టే ముందు రూటర్ కనీసం ఒక నిమిషం మౌనంగా వినాలి. రాడార్ వినిపిస్తే వెంటనే ఖాళీ చేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. విమానాశ్రయం పక్కనో నౌకాశ్రయం పక్కనో ఉండేవాళ్లకు వైఫై ఉన్నట్టుండి నిమిషం పాటు మాయమై, తర్వాత చూస్తే ఛానల్ నంబరు మారి ఉంటే కారణం ఇదే అనుకోండి. కొన్ని పాత ఫోన్లకు, టీవీ స్టిక్‌లకు ఈ ఛానళ్లు కనిపించవు కూడా. ఒక వారం వాడి చూడండి, వారంలో ఒక్కసారి కూడా మారకపోతే అక్కడే స్థిరపడండి.

### మా ఇంట్లో 5 లెక్క

మా రూటర్‌లో రాడార్ ఛానళ్లు లేవు. స్కాన్‌లో 36లో రెండు నెట్‌వర్క్‌లు, −60, −67, రెండూ 80 వెడల్పు. అంటే 36 నుంచి 48 దాకా వాళ్లదే. 149లో ఒకటి, −74, 40 వెడల్పు, అంటే 149, 153 దానివి. వెడల్పు చూడకుండా నంబరు మాత్రమే చూస్తే 44 ఖాళీ అనిపించేది, అక్కడికి పోయి ఇద్దరి మధ్యలో పడేవాణ్ని. 157లో 40 పెట్టాను. 157, 161 రెండూ ఖాళీ.

ఒకవేళ ఎక్కడా ఖాళీ లేక, ఎవరో ఒకరి 80లోకి మీరూ 80తో దూరక తప్పకపోతే, వాళ్ల నంబరే మీరూ పెట్టండి. మీరు ఎంచుకునే నంబరు ఆ నాలుగు ముక్కల్లో ప్రధానమైనది. రూటర్ జాగ్రత్తగా వినేది దాన్నే, మిగతా మూడింటినీ మొరటుగా వింటుంది. వాళ్లు 36లో ఉంటే మీరు 44లో కాక 36లోనే ఉంటే ఇద్దరికీ వంతులు సరిగ్గా కుదురుతాయి.

## పైఅంతస్తు 4

ఛానల్ 4లో −49తో ఉన్న రూటర్ ఎవరిదో కనుక్కోవడం కష్టం కాలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్లెక్కితే అంకె −38 అయిన చోట ఒక తలుపు ఉంది. పెద్దాయన తలుపు తీశారు. విషయం చెప్తే, "మా అల్లుడు పెట్టి వెళ్లాడు బాబూ, అది ఖాళీగా ఉందన్నాడు. మాకూ రాత్రిపూట సీరియల్ ఆగిపోతూనే ఉంది" అన్నారు. లోపలికి రమ్మని రూటర్ అడుగున అంటించిన పాస్‌వర్డ్ చూపించారు. 1కి మార్చి, వెడల్పు 20 పెట్టాను. ఛానల్ మారేటప్పుడు అర నిమిషం టీవీ ఆగింది, ఆ అర నిమిషమూ ఆయన నా వైపు అనుమానంగా చూశారు. ఆ రాత్రి కిందికి వచ్చి మళ్లీ స్కాన్ చేస్తే 4 పోయింది, 6లో ఉన్న పక్క ఫ్లాట్ అబ్బాయి మర్నాడు లిఫ్టులో కలిసి, "అంకుల్, ఏం చేశారో గానీ నా గేమ్ ల్యాగ్ తగ్గింది" అన్నాడు.